బీటా అలనైన్, సిట్రులిన్, నైట్రేట్ (క్రీడా సప్లిమెంట్లు)

దూరపు పరుగు, సైక్లింగు, పడవ పోటీల్లో దమ్ము నిలిచేందుకు వాడే మూడు పదార్థాలు. వీటిలో సిట్రులిన్‌ను 1914లో జపాన్‌లో పుచ్చకాయ రసం నుంచి వేరుచేశారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు అది జీవరసాయన పుస్తకాలకే పరిమితమైంది.

బీటా అలనైన్ చరిత్ర 2006లో మలుపు తిరిగింది. దాన్ని కొన్ని వారాలు తింటే కండరాల్లో కార్నోసిన్ పెరుగుతుందని రోజర్ హారిస్ బృందం చూపింది. కార్నోసిన్ తీవ్ర శ్రమలో కండరంలో పేరుకునే ఆమ్లతను అదుపు చేస్తుంది. ఒకేసారి ఎక్కువ మోతాదు తీసుకున్నవారికి ముఖం, మెడ, చేతులు చిమచిమలాడాయి. చర్మంలోని నరాల కొసల్లో ఉండే ఒక గ్రాహకాన్ని బీటా అలనైన్ తట్టిలేపడమే ఇందుకు కారణమని 2012లో తేలింది. ఇది సాధారణంగా గంట, గంటన్నరలో తగ్గిపోతుంది. మందు పనిచేస్తోందనడానికి ఆ చిమచిమ గుర్తు కాదు. రోజుకు 3 నుంచి 6 గ్రాములను చిన్న మోతాదులుగా విడగొట్టి తీసుకుంటే అది చాలావరకు ఉండదు, ఫలితం మాత్రం తగ్గదు. ఫలితానికి కనీసం నాలుగు వారాలు పడుతుంది కాబట్టి పోటీకి అరగంట ముందు మింగినందువల్ల ఒరిగేదేమీ లేదు. మేలు ప్రధానంగా 1 నుంచి 4 నిమిషాల తీవ్ర శ్రమలోనే కనబడుతుంది.

నైట్రేట్ విషయంలో తొలి అడుగు స్వీడన్‌లో పడింది. సోడియం నైట్రేట్ తీసుకున్నాక అదే స్థాయి శ్రమకు శరీరం వాడే ఆక్సిజన్ తగ్గిందని 2007లో కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ప్రకటించారు. 2009లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జోన్స్ బృందం బీట్‌రూట్ రసంతో పరీక్షించగా, అలసిపోయేదాకా తొక్కగలిగిన సమయం 583 సెకన్ల నుంచి 675కు పెరిగింది. ఈ 16 శాతాన్నే ప్రచారకులు ఎత్తిచూపుతారు. కానీ అలసట దాకా తొక్కడం వేరు, పందెం వేరు. 2011లో అదే విశ్వవిద్యాలయం చేసిన చక్కని ప్రయోగంలో తొమ్మిదిమంది క్లబ్బు స్థాయి సైక్లిస్టులు అర లీటరు రసం తాగి, రెండున్నర గంటల తర్వాత 16.1 కిలోమీటర్లు తొక్కారు. పోలిక కోసం నైట్రేట్ తీసేసిన బీట్‌రూట్ రసం కూడా ఇచ్చారు. సగటు సమయం 27.7 నిమిషాల నుంచి 26.9కి దిగింది, అంటే 3 శాతం లోపే. ఆరితేరిన క్రీడాకారుల్లో ఈ లాభం ఇంకా తగ్గుతుంది, కొందరిలో కనిపించదు.

నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది నాలుక మీది సూక్ష్మజీవులు. అందుకే రక్తంలో నైట్రైట్ గరిష్ఠానికి చేరడానికి 2 నుంచి 3 గంటలు పడుతుంది. క్రిములను చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఆ మార్పు బాగా దెబ్బతింటుంది. రసం తాగాక మూత్రం ఎర్రబడటం బీట్‌రూట్ రంగు వల్లే.

సిట్రులిన్ మూత్రపిండాల్లో ఆర్జినిన్‌గా మారి, దాని ద్వారా నైట్రిక్ ఆక్సైడ్‌కు ముడిసరుకు అవుతుంది. సుమారు గంట ముందు 6 గ్రాములు తీసుకోవడం పరిపాటి. 2016లో జపాన్‌లో శిక్షణ పొందిన పురుషులు వారం పాటు రోజుకు 2.4 గ్రాములు వాడాక 4 కిలోమీటర్ల సైక్లింగు సమయం 1.5 శాతం తగ్గింది. మిగతా ప్రయోగాల ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018 నివేదిక బలమైన ఆధారాలున్నవాటిలో నైట్రేట్, బీటా అలనైన్‌లను చేర్చింది గానీ, సిట్రులిన్‌కు ఆ వరుసలో చోటివ్వలేదు.