వాంతి ముందా, ఉబ్బరం ముందా: భద్రాచలం అటవీ సరిహద్దులో చిన్నపేగు, పెద్దపేగు అడ్డంకుల నిర్ణయం

గోదావరి వెంట భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల దాకా సాగే అటవీ ప్రాంతం 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో భాగంగా ఉండి, ఆ తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. చర్ల నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి సుమారు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మానికి సుమారు 120 కిలోమీటర్లు. వానాకాలంలో వాగులు పొంగినప్పుడు ఈ దూరాన్ని గంటల్లోనే లెక్కించవలసి వస్తుంది. పేగు మూసుకుపోయిన రోగి స్కానింగు వరకు చేరేలోగా అడ్డంకి చిన్నపేగులో ఉందా, పెద్దపేగులో ఉందా అన్నది అంచనా వేయడానికి తొలి ఆరోగ్య కార్యకర్తకు మిగిలే ప్రధానమైన ఆధారం రోగి చెప్పే క్రమమే. వాంతి, ఉబ్బరం రెండు రకాల అడ్డంకుల్లోనూ కనిపిస్తాయి కాబట్టి, అవి ఉన్నాయా లేవా అన్నదానికన్నా వాటిలో ఏది ముందు వచ్చిందన్నది ఎక్కువ విషయం చెబుతుంది.

ఈ తేడాకు మూలం పేగులోకి ప్రతిరోజూ చేరే ద్రవంలో ఉంది. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు స్వయంగా స్రవించే రసం కలిసి పెద్దవారిలో రోజుకు 7 నుంచి 9 లీటర్ల వరకు ఉంటాయి. అందులో అధికభాగాన్ని చిన్నపేగే తిరిగి పీల్చుకోగా, పెద్దపేగుకు చేరేది లీటరున్నర ప్రాంతం మాత్రమే. చిన్నపేగు పైభాగంలో దారి మూసుకుంటే ఈ ద్రవం పీల్చుకునే చోటికి చేరక వెనక్కి తిరుగుతుంది కాబట్టి, కొద్ది గంటల్లోనే పసుపుపచ్చని లేదా ఆకుపచ్చని పసరు వాంతులు ధారాళంగా మొదలవుతాయి. వాంతితోనే పేగు ఖాళీ అవుతున్నందున పొట్ట పెద్దగా ఉబ్బదు. అడ్డంకి చిన్నపేగు చివరిభాగంలో ఉంటే, పైనున్న పొడవైన పేగు నిండడానికి సమయం పడుతుంది: ముందు బొడ్డు చుట్టూ ఆగి ఆగి మెలిపెట్టే నొప్పి, ఆ తరువాత పొట్ట మధ్యభాగంలో ఉబ్బరం, ఇంకొన్ని గంటలకు వాంతి వస్తాయి. ఆ వాంతి ఆలస్యమైన కొద్దీ గోధుమరంగుకు తిరిగి దుర్వాసన వేస్తుంది. చూసినవారు అది మలమేనని భయపడతారు గాని, నిలిచిపోయిన ద్రవంలో సూక్ష్మజీవులు పెరగడమే అందుకు కారణం.

పెద్దపేగులో అడ్డంకి ఏర్పడినప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. ముందు మలం, ఆపైన గాలి కూడా పోకుండా ఆగిపోతాయి. పొట్ట డొక్కల వైపుకు విస్తరిస్తూ ఉబ్బుతుంది. వాంతి రెండు మూడు రోజులకు రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట ఉండే కవాటం గట్టిగా పనిచేసే వారిలో పెద్దపేగులోని గాలి వెనక్కి పోలేదు. అటు కింద అడ్డంకి, ఇటు పైన కవాటం మూసుకుపోవడంతో ఆ భాగం రెండు కొసలూ కట్టిన సంచిగా మారుతుంది. సంచిలో ఒత్తిడి అంతటా ఒకటే అయినా గోడ మీద పడే బిగువు వ్యాసంతో పాటు పెరుగుతుంది కాబట్టి, పెద్దపేగులో అన్నిటికన్నా వెడల్పైన మొదటి భాగం, అంటే సీకం, ముందుగా ప్రమాదంలో పడుతుంది. దాని వ్యాసం 9 సెంటీమీటర్లు దాటితే అసాధారణమని, 12 దాటితే చిరిగిపోయే ప్రమాదం బాగా పెరుగుతుందని శస్త్రవైద్యులు పరిగణిస్తారు. వాంతి లేదన్న ధైర్యంతో ఇంటి వద్ద గడిపే రోజులే ఈ రోగికి ప్రాణాంతకం కాగలవు.

కారణాల విషయానికి వస్తే, చిన్నపేగు అనుమానం కలిగినప్పుడు ముందుగా వెతకవలసింది పొట్ట మీది పాత మచ్చను. ఆపరేషను తరువాత పేగుల మధ్య ఏర్పడే పీచులాంటి బంధాలను అతుకులంటారు. అవి ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండి ఒకనాడు పేగును బిగించగలవు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉండగా తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం; కాబట్టి ఈ ప్రాంతంలో స్త్రీకి వచ్చిన పసరు వాంతి వెనుక ఆ మచ్చ ఉందేమోనని అడగడం తప్పనిసరి. మచ్చ లేకపోతే గజ్జలలో హెర్నియా చూడాలి. నెలల తరబడి బరువు తగ్గుతూ సాయంకాలపు జ్వరం ఉన్నవారిలో చిన్నపేగు చివరి క్షయను, పిల్లలలో ఉండలు కట్టిన ఏలికపాములను తలచుకోవాలి. ఏలికపాములకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను దారి పూర్తిగా మూసుకుపోయి ఉన్న సమయంలో ఇవ్వరాదన్నది ఇక్కడ మరచిపోకూడని విషయం.

పెద్దపేగు అడ్డంకికి పాశ్చాత్య దేశాలలో ప్రధాన కారణం క్యాన్సరు. భారతదేశంతో పాటు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాలలో దానికి తోడు మెలిక ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దపేగు చివర, మలాశయానికి పైన, వంపు తిరిగి ఉండే సిగ్మాయిడ్ భాగం కొందరిలో పొడవుగా ఉండి, దాని రెండు కాళ్లు మొదట్లో దగ్గరదగ్గరగా ఉంటే, మలంతో బరువెక్కినప్పుడు తన ఇరుసు చుట్టూ తానే తిరిగిపోతుంది. పీచు అధికంగా ఉండే ఆహారం ఈ పొడవుకు దోహదం చేస్తుందని చాలాకాలంగా భావిస్తున్నారు.

వ్యాధిక్రమం స్పష్టం కావడానికి ఒక ఊహారూపాన్ని తీసుకోవచ్చు. చర్ల ప్రాంతపు అరవై ఏళ్ల రైతుకు సోమవారం ఉదయం నుంచి మలం, గాలి ఆగిపోయాయి, మంగళవారానికి పొట్ట డొక్కలతో సహా డోలులా బిగిసింది, వాంతి లేదు, ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే ఉబ్బి తనంతట తానే తగ్గిందని చెబుతాడు. ఈ పూర్వచరిత్రే మెలికకు బలమైన సూచన. ఇంట్లో ఆముదమో మరో విరేచన ఔషధమో పోస్తే దారి మూసుకున్న పేగును మరింత బిగించినట్లవుతుంది. భద్రాచలంలో తీసే సాధారణ ఎక్స్‌రేలో కటిభాగం నుంచి పైకి లేచిన ఒకే ఒక పెద్ద గాలి ఉచ్చు కాఫీగింజ ఆకారంలో కనిపిస్తే నిర్ధారణ దాదాపు పూర్తయినట్లే. ఆసనం గుండా గొట్టాన్ని పంపి గాలిని విడిపించే పద్ధతిని 1947లో బ్రూస్‌గార్డ్ వివరించాడు. అది సఫలమైతే గాలి, ద్రవ మలం ఒక్కసారిగా వెలువడి పొట్ట దిగుతుంది. అయితే అంతటితో పంపివేస్తే మెలిక మళ్లీ పడే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి, రోగి తేరుకోగానే ఆ అదనపు భాగాన్ని తొలగించే ఆపరేషనుకు ఖమ్మానికో వరంగల్‌కో పంపడం చికిత్సలో భాగమే.

అదే రైతుకు నొప్పి ఆగి ఆగి రావడం మాని నిరంతరంగా మారి, జ్వరం, వేగమైన నాడి, తాకితే ఓర్వలేనితనం కనిపిస్తే, మెలికలో రక్తప్రసరణ తెగిందని భావించాలి. అప్పుడు గొట్టంతో ప్రయత్నించకూడదు, కుళ్లుతున్న పేగు చిల్లుపడవచ్చు కాబట్టి నేరుగా ఆపరేషనే చేయాలి. చిన్నపేగు అడ్డంకిలోనూ ఈ మార్పుకు అర్థం ఇదే.

వాంతి-ఉబ్బరాల క్రమానికీ పరిమితులున్నాయి. కవాటం వదులుగా ఉన్నవారిలో పెద్దపేగు గాలి చిన్నపేగులోకి ఎక్కి వాంతి తెప్పిస్తుంది, ఉబ్బరం పొట్ట అంతటా పరుచుకుంటుంది. అలాంటివారిలో క్రమం తప్పుదారి పట్టించగలదు. పాక్షికంగా మూసుకున్నప్పుడు కొద్దిగా గాలి పోతూనే ఉండవచ్చు. అడ్డంకి పూర్తిగా ఏర్పడినా, దానికి కిందనున్న పేగులో మిగిలిన మలం మొదట ఒకటి రెండుసార్లు వెలువడుతుంది కాబట్టి, విరేచనం అయిందన్న ఒక్క మాటతో అడ్డంకి లేదనడం కుదరదు.

చోటు ఏదైనా ప్రయాణానికి ముందు చేయవలసింది ఒకటే: నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ముక్కు గుండా రైల్స్ ట్యూబు వేసి కడుపును ఖాళీ చేయడం, రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించడం, మూత్రం గంటకు శరీరబరువు కిలోకు అర మిల్లీలీటరు చొప్పున, అంటే 50 కిలోల మనిషికి కనీసం 25 మిల్లీలీటర్లు వస్తోందో లేదో కొలవడం. ట్యూబు లేకుండా అంబులెన్సులో పడుకోబెట్టిన రోగికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. రిఫరల్ చీటీలో సాధారణంగా కనిపించే 'కడుపునొప్పి, వాంతులు' అన్న మాటలకు బదులు, నొప్పి, వాంతి, ఉబ్బరం, మలం ఆగడం, గాలి ఆగడం ఏ రోజు ఏ గంటకు మొదలయ్యాయో, వాంతి రంగేమిటో, పొట్ట మీద మచ్చ ఉందో లేదో రాసి పంపితే, చీటీ చదివే శస్త్రవైద్యుడు రోగి వచ్చేలోపే గొట్టాన్నో ఆపరేషను గదినో సిద్ధం చేసుకోగలుగుతాడు.