మెట్టు దృఢత గల దూలంలో వాలు, కుంగుదల: భ్రామక వైశాల్య సిద్ధాంతాల చరిత్ర

వ్యాససంగ్రహం:

రెండు కొసల వద్ద ఆధారాలపై ఆనిన దూలం పొడవునా దృఢత ఒకే తీరుగా ఉండక, మధ్యలో మెట్టులా పెరిగినప్పుడు దాని వాలును, కుంగుదలను లెక్కించడానికి భ్రామక వైశాల్య సిద్ధాంతాలు ఉపకరిస్తాయి. మన ఇంజనీరింగు పాఠ్యగ్రంథాలు వీటిని ‘మోర్ సిద్ధాంతాలు’ అంటున్నాయి. ఆటో మోర్ 1868లో ప్రతిపాదించిన రూపం, చార్లెస్ ఎజ్రా గ్రీన్ 1873లో కనుగొన్న రూపం ఒకటి కావు. ఈ రెండింటి భేదాన్ని, మెట్టు దూలం విషయంలో వాటి ప్రయోజనాన్ని, పరిమితులను ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దూలం, వంపు భ్రామకం, దృఢత, వక్రత, వాలు, కుంగుదల, మోర్, గ్రీన్, హేవ్‌లాక్ వంతెన.

1. ఉపోద్ఘాతం

కోరుకొండ నుంచి రాజమహేంద్రవరం చేరి గోదావరి గట్టున నిలిచినవారికి పాత రైలు వంతెన కనిపిస్తుంది. 1897లో మొదలై 1900లో పూర్తయిన ఈ హేవ్‌లాక్ వంతెనను ఎఫ్.టి.జి. వాల్టన్ ఆధ్వర్యంలో నిర్మించారు. రాతి స్తంభాలపై ఆనిన ఉక్కు గర్డర్లతో, ఒక్కొక్కటి 150 అడుగుల పొడవు గల 56 ఖానాలు ఇందులో ఉన్నాయి. దాదాపు ఒక శతాబ్దం రైళ్లను మోసి, 1997లో ఇది సేవ నుంచి విరమించింది.

ఆ కాలపు ఇనుప, ఉక్కు నిర్మాణాలలో ఒక సామాన్య లక్షణం ఉంది. రెండు కొసల వద్ద ఆనిన దూలంలో వంపు భ్రామకం కొసల వద్ద శూన్యం. మధ్యకు వచ్చేకొద్దీ పెరుగుతుంది. కనుక పొడవంతా ఒకే మందంలో లోహం వేయడం వృథా. పలకలతో కట్టిన గర్డర్లలో మధ్యభాగాన పైఅంచుకు, కిందిఅంచుకు అదనపు పలకలను రివెట్లతో బిగించి, అక్కర లేనిచోట ఆపేసేవారు. పలక ఆగిన ప్రతిచోటా దూలం దృఢత ఒక్కసారిగా మారుతుంది. బలం సరిపోతుందా అన్న ప్రశ్నకు ఆయాచోట్ల భ్రామకాన్ని చూసుకుంటే చాలు. ఎంత కుంగుతుంది అన్న ప్రశ్నకు మాత్రం దూలం మొత్తాన్ని ఒకేసారి లెక్కలోకి తీసుకోవాలి. భ్రామక వైశాల్య పద్ధతి విలువ ఇక్కడే తెలుస్తుంది.

2. మోర్‌కు పూర్వం

1826లో ప్రచురితమైన నేవియర్ ఉపన్యాసాలతో దూలపు వంపును అవకలన సమీకరణం ద్వారా సాధించే మార్గం స్థిరపడింది. ఏ బిందువు వద్దనైనా వక్రత M/EIకి సమానం. ఇందులో M వంపు భ్రామకం, E పదార్థపు యంగ్ గుణకం, I అడ్డుకోత జడత్వ భ్రామకం. EIల లబ్ధమే దృఢత. ఈ సమీకరణాన్ని ఒకసారి సమాకలనం చేస్తే వాలు, రెండోసారి చేస్తే కుంగుదల లభిస్తాయి.

దృఢత ఏకరీతిగా ఉన్నంతవరకు ఈ మార్గం సుగమం. మెట్లు వచ్చినప్పుడు ఒక్కో భాగానికి ఒక్కో సమీకరణం రాయాలి. ఒక్కోదానికి రెండేసి స్థిరాంకాలు వస్తాయి. మధ్యన మాత్రమే పలకలున్న దూలంలో భాగాలు మూడు, స్థిరాంకాలు ఆరు. మధ్యలో బిందుభారం కూడా ఉంటే భాగాలు నాలుగు, స్థిరాంకాలు ఎనిమిది అవుతాయి. భాగాలు కలిసేచోట వాలు, కుంగుదల రెండువైపులా సమానం కావాలన్న నియమాలతో వాటిని సాధించాలి. సిద్ధాంతంలో లోపమేమీ లేదు; గణన భారమే అడ్డంకి.

3. మోర్ రూపం, గ్రీన్ రూపం

హనోవర్, ఓల్డెన్‌బర్గ్ రైల్వేలలో పనిచేసిన ఆటో మోర్ (1835-1918), హనోవర్ వాస్తుశిల్పుల, ఇంజనీర్ల సంఘం పత్రికలో 1868లో ఒక వ్యాసం ప్రకటించాడు. భారానికి, వంపు భ్రామకానికి మధ్య ఉన్న గణిత సంబంధమే వక్రతకు, కుంగుదలకు మధ్య కూడా ఉందని అతడు గమనించాడు. కాబట్టి M/EI పటాన్నే ఒక కల్పిత భారంగా దూలంపై ఉంచితే, ఆ భారం వల్ల ఆధారం వద్ద కలిగే ప్రతిక్రియ అక్కడి వాలును, ఏ బిందువు వద్దనైనా కలిగే భ్రామకం అక్కడి కుంగుదలను తెలుపుతాయి. భారాలకు భ్రామక పటం గీయడం తెలిసిన ఇంజనీరు కొత్త గణితమేదీ నేర్వనక్కరలేదు. తెలిసిన పనినే రెండోసారి చేస్తే చాలు.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ ఎజ్రా గ్రీన్ (1842-1903) మోర్‌తో సంబంధం లేకుండా 1873లో మరో దారిన ఇక్కడికే చేరాడు. అతని దృష్టి కల్పిత భారంపై కాక వంగిన దూలపు స్పర్శరేఖలపై నిలిచింది. ఆ రూపంలోని రెండు సిద్ధాంతాలు ఇవి:

మొదటిది: దూలంపై రెండు బిందువుల వద్ద గీసిన స్పర్శరేఖల మధ్య కోణం, ఆ బిందువుల నడుమ ఉన్న M/EI పటం వైశాల్యానికి సమానం.

రెండవది: ఒక బిందువు, మరో బిందువు వద్ద గీసిన స్పర్శరేఖ నుంచి ఎంత తొలగిందో, ఆ దూరం వాటి నడుమ ఉన్న M/EI వైశాల్యానికి మొదటి బిందువు గురించి తీసుకున్న భ్రామకానికి సమానం.

మన పాఠ్యగ్రంథాలు మోర్ పేరుతో బోధించే మొదటి, రెండవ సిద్ధాంతాలు రూపంలో గ్రీన్ మార్గానికే దగ్గర. ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితం కాదు. మోర్ రూపం ఆధారరేఖ నుంచి కుంగుదలను నేరుగా ఇస్తుంది. గ్రీన్ రూపం ఇచ్చేది స్పర్శరేఖ నుంచి తొలగిన దూరం. అది కుంగుదల అవుతుందా లేదా అన్నది ఆ స్పర్శరేఖ ఎక్కడ, ఏ వాలులో ఉందన్న దానిపై ఆధారపడుతుంది. ఈ రెంటినీ ఒకటిగా భావించినచోటే మెట్టు దూలం లెక్కలు తప్పుతాయి.

4. ఒక ఉదాహరణ

6 మీటర్ల దూలం రెండు కొసల వద్ద ఆని ఉంది. అది 300 మి.మీ. లోతు గల, ఐ ఆకారపు ఉక్కు దూలం. జడత్వ భ్రామకం సుమారు 8,600 సెం.మీ.⁴. నడిమి 3 మీటర్ల మేర, పైనా కిందా 180 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం గల పలకలను అతికారు. అక్కడ జడత్వ భ్రామకం దాదాపు రెట్టింపు అవుతుంది. దూలం నట్టనడుమ 60 కిలోన్యూటన్ల భారం ఉంది. పలకలు లేని భాగపు దృఢతను EI అనుకుంటే, దాని విలువ సుమారు 17,200 కిలోన్యూటన్-మీ.², నడిమి భాగంలో అది 2EI.

వంపు భ్రామకం ఆధారం వద్ద శూన్యం, 1.5 మీటర్ల వద్ద 45, మధ్యన 90 కిలోన్యూటన్-మీటర్లు. దీనిని దృఢతతో భాగించి పటం గీస్తే, ఆధారం నుంచి 1.5 మీటర్ల వరకు 0 నుంచి 45/EIకి పెరుగుతుంది. అక్కడ పలక మొదలుకావడంతో 22.5/EIకి పడిపోయి, మళ్లీ మధ్యన 45/EIకి చేరుతుంది. దూలంలోని మెట్టు ఈ విధంగా పటంలోని మెట్టుగా మాత్రమే మిగులుతుంది. స్థిరాంకాల ప్రసక్తి రాదు.

దూలం, భారం రెండూ సౌష్ఠవంగా ఉన్నందున మధ్యన స్పర్శరేఖ క్షితిజ సమాంతరం. కనుక ఆధారం వద్ద వాలు సగం పటం వైశాల్యానికి సమానం. మొదటి త్రిభుజం వైశాల్యం 33.75/EI, పలకలున్న భాగపు వైశాల్యం 50.625/EI, మొత్తం 84.375/EI, అంటే సుమారు 0.0049 రేడియన్లు.

మధ్యన కుంగుదల కోసం ఇవే వైశాల్యాలకు ఆధారం గురించి భ్రామకం తీసుకోవాలి. మొదటి త్రిభుజపు గురుత్వకేంద్రం ఆధారానికి 1 మీటరు దూరాన ఉంది కనుక దాని భ్రామకం 33.75. పలకలున్న భాగాన్ని దీర్ఘచతురస్రం, త్రిభుజంగా విడదీస్తే మొదటిది 33.75 × 2.25 = 75.94, రెండవది 16.875 × 2.5 = 42.19. మొత్తం 151.88/EI, అంటే సుమారు 8.8 మి.మీ.

మోర్ రూపంలోనూ ఫలితం ఇదే. కల్పిత భారపు ప్రతిక్రియ 84.375. మధ్యబిందువు గురించి దాని భ్రామకం 253.13, అందులో నుంచి కల్పిత భారపు మూడు భాగాల భ్రామకాలు 67.5, 25.31, 8.44 తీసివేస్తే 151.88 మిగులుతుంది. రెండు దారుల్లో ఒకే విలువ రావడం గణనకు మంచి పరీక్ష.

పలకలు అసలు లేకుంటే కుంగుదల 270/EI (15.7 మి.మీ.); పొడవంతా వేస్తే 135/EI (7.8 మి.మీ.). సగం పొడవుకే పలకలు వేసినా, కుంగుదలలో సాధించగల తగ్గింపులో 87.5 శాతం లభించింది. ఆధారం వద్ద వాలులో మాత్రం 75 శాతమే లభించింది. దీనికి కారణం సిద్ధాంతాలలోనే ఉంది. వాలులో ప్రతి వైశాల్యానికీ సమానమైన లెక్క. కుంగుదలలో మధ్యకు దగ్గరగా ఉన్న వైశాల్యం దూరంతో హెచ్చవేయబడి ఎక్కువ బరువు తూగుతుంది.

5. తప్పులు, పరిమితులు

మొదటి తప్పు సగటు తీసుకోవడం. సగం పొడవున I, సగం పొడవున 2I ఉంది కనుక 1.5I అనుకుంటే కుంగుదల 180/EI వస్తుంది. అది అసలు విలువ కంటే 18 శాతానికి పైగా ఎక్కువ. లోహం ఎంత ఉందన్నదే కాక, ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమని సగటు మరుగుపరుస్తుంది.

రెండవది మెట్టు వద్ద దూలం విరిగినట్టు వంగుతుందన్న భ్రమ. పై ఉదాహరణలో మెట్టు వద్ద వాలు 84.375 - 33.75 = 50.625/EI, ఎడమవైపు నుంచి చూసినా కుడివైపు నుంచి చూసినా అంతే. అక్కడ గెంతేది వక్రత మాత్రమే.

మూడవది మధ్యన స్పర్శరేఖ ఎప్పుడూ క్షితిజ సమాంతరమే అనుకోవడం. అదే దూలానికి ఎడమ సగం EI, కుడి సగం 2EI అనుకుందాం. భారం మధ్యనే ఉంది. సౌష్ఠవం ఉన్నట్టే లెక్కిస్తే ఎడమ ఆధారం నుంచి 270/EI, కుడి ఆధారం నుంచి 135/EI వస్తాయి. ఒకే బిందువుకు రెండు కుంగుదలలు ఉండవు కనుక ఊహ తప్పని తేలిపోతుంది. సరైన క్రమం వేరు. ముందుగా ఎడమ ఆధారం వద్ద గీసిన స్పర్శరేఖ నుంచి కుడి కొస ఎంత తొలగిందో చూడాలి, అది 675/EI. దీనిని 6 మీటర్లతో భాగిస్తే ఎడమ వాలు 112.5/EI. ఆ వాలుపై మధ్య వరకు వెళ్లి (337.5), ఎడమ త్రిభుజం వల్ల కలిగిన తొలగింపును (135) తీసివేస్తే మధ్యన కుంగుదల 202.5/EI. అక్కడ వాలు శూన్యం కాదు. గరిష్ఠ కుంగుదల ఎడమ ఆధారానికి 2.74 మీటర్ల వద్ద, సుమారు 205.4/EIగా ఉంటుంది. గ్రీన్ రూపాన్ని మోర్ రూపంగా పొరబడితే జరిగేది ఈ మూడవ తప్పే.

ఇక సిద్ధాంతాల పరిమితులు. ఇవి వంపు వల్ల కలిగే కుంగుదలనే చెబుతాయి. కోత బలం వల్ల కలిగేదాన్ని విడిగా కలపాలి. వాలు స్వల్పంగా ఉండాలి, పదార్థం స్థితిస్థాపక అవధి దాటకూడదు. అన్నిటికీ మించి, కాగితంపై గీసిన మెట్టు లోహంలో అంత నిట్టనిలువుగా ఉండదు. పలక కొస వద్ద బలం అతుకుల ద్వారా కొద్దికొద్దిగా పలకలోకి ప్రవేశిస్తుంది. అందుకే ఇంజనీర్లు పలకను లెక్క ప్రకారం ఆపవలసిన చోటు దాటించి కొంత పొడిగిస్తారు. ఆ పొడిగింపును పూర్తి దృఢతగా లెక్కిస్తే కుంగుదల వాస్తవం కంటే తక్కువగా వస్తుంది.

6. ముగింపు

భ్రామక వైశాల్య పద్ధతి పలకలు అతికిన గర్డర్ల కాలంలో, ఐదేళ్ల వ్యవధిలో, రెండు ఖండాలలో వేర్వేరుగా పుట్టింది. మోర్ దానిని భారంగా, గ్రీన్ స్పర్శరేఖగా చూశారు. సౌష్ఠవం గల దూలంలో ఈ భేదం కనబడదు. సౌష్ఠవం లేని మెట్టు దూలంలో అది 202.5కు, 270కు మధ్య గల అంతరంగా బయటపడుతుంది. కనుక తెలుగులో ఈ సిద్ధాంతాలను వివరించేటప్పుడు ‘స్పర్శరేఖ నుంచి తొలగింపు’, ‘ఆధారరేఖ నుంచి కుంగుదల’ అనే రెండు మాటలను వేర్వేరుగా నిలుపుకోవడం అవసరం. ఒకే పదంతో రెంటినీ సూచిస్తే, పేర్ల చరిత్రలో జరిగిన కలగాపులగమే లెక్కలోనూ జరుగుతుంది.