రైల్స్ ట్యూబ్ ద్వారా ఆహారం: స్థాన నిర్ధారణ, ఆస్పిరేషన్ నివారణ, ఫ్లషింగ్

ముక్కు గుండా జీర్ణాశయంలోకి వేసే సన్నని గొట్టాన్ని మన వార్డుల్లో రైల్స్ ట్యూబ్ అంటారు. పక్షవాతం వల్లో స్పృహ తగ్గడం వల్లో మింగలేని రోగులకు దీని ద్వారా ద్రవాహారం ఇస్తారు. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా కొలిచి, పెద్దవారికి అంత పొడవు లోపలికి పంపుతారు. అయితే ఆ కొలత గొట్టం ఎంత లోపలికి వెళ్లిందో చెబుతుందే గానీ ఎటు వెళ్లిందో చెప్పదు. అందుకే ఏ పరీక్షనైనా నమ్మేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా ఇదే ఫలితం వస్తుందా? వస్తుందంటే అది రుజువు కాదు. సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినే పాత పద్ధతి ఇక్కడే ఓడిపోతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగంలోకి వెళ్లిన గాలి శబ్దం కూడా పొట్ట పైభాగంలో వినిపిస్తుంది. గొట్టం చివరను నీళ్లలో ముంచి బుడగలు చూడటమూ నమ్మదగినది కాదు. దగ్గు రాలేదు కదా అనుకోవడానికీ లేదు, స్పృహ తగ్గిన రోగికి దగ్గు రాకపోవచ్చు.

వేరే ఫలితం చూపగలిగేది పీహెచ్ స్ట్రిప్. గొట్టం నుంచి 0.5 నుంచి 1 మి.లీ. ద్రవం లాగి స్ట్రిప్ మీద వేస్తే, పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు ఫీడ్ మొదలుపెట్టవచ్చన్నది బ్రిటన్ మార్గదర్శకాలు పాటించే హద్దు. శ్వాసనాళపు స్రావాలు సాధారణంగా అంత ఆమ్లంగా ఉండవు. లిట్మస్ కాగితం ఈ తేడాను సరిగ్గా పట్టుకోలేదు. స్థానం తేలేదాకా గొట్టంలోకి నీళ్లు ఎక్కించకూడదు. ఎక్కిస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తిలోకి పోవచ్చు, పైగా తర్వాత లాగిన ద్రవం పీహెచ్‌ను తారుమారు చేయవచ్చు.

పాంటొప్రజోల్ వాడే రోగికి ఆమ్లమే తగ్గిపోతుంది, మరి స్ట్రిప్ ఏం తేలుస్తుందన్నది సరైన అభ్యంతరమే. పక్షవాతం వచ్చిన 65 ఏళ్ల రోగికి ట్యూబ్ వేశారనుకుందాం. ముక్కు రంధ్రం దగ్గర గుర్తు 55 సెం.మీ., స్ట్రిప్ మీద 6 వచ్చింది. గొట్టం ఊపిరితిత్తిలో ఉందని దీనికి అర్థం కాదు, జీర్ణాశయంలో ఉందనీ కాదు. ఫీడ్ ఆపి, రోగిని ఎడమ పక్కకు తిప్పి, 15 నుంచి 30 నిమిషాలు ఆగి మళ్లీ ద్రవం లాగాలి. అప్పుడూ 6 వస్తే ఎక్స్‌-రే తీయించాలి. అందులో గొట్టం మధ్యగీత వెంట దిగి, శ్వాసనాళం రెండుగా చీలే చోటును దాటి, ఎటూ మళ్లకుండా ఉదరవితానం కిందికి వెళ్లాలి. కొస ఎడమ ఉదరవితానం కింద కనిపించాలి. స్ట్రిప్‌లు లేని ఆసుపత్రుల మాటేమిటంటే, అక్కడ ఎక్స్‌-రేనే దిక్కు, స్టెతస్కోప్ కాదు. ఒక పూట ఫీడ్ ఆలస్యమైతే కలిగే నష్టం, 200 మి.లీ. పాలు ఊపిరితిత్తిలోకి పోతే కలిగే నష్టం ఒకటి కావు. అయితే ఎక్స్‌-రే తీసిన క్షణానికే రుజువు. ఆ తర్వాత ప్రతి ఫీడ్‌కు ముందూ, వాంతి లేదా గట్టి దగ్గు తర్వాతా ముక్కు దగ్గరి సెం.మీ. గుర్తు చూసి, స్థానం మళ్లీ పరీక్షించాలి.

గొట్టం సరైన చోట ఉన్నా ఆస్పిరేషన్ ముప్పు పోదు. జీర్ణాశయంలోని పదార్థం ఎగదన్నవచ్చు, నోట్లోని లాలాజలం శ్వాసనాళంలోకి జారవచ్చు. అందుకని తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఫీడ్ అయ్యాక కూడా 30 నుంచి 60 నిమిషాలు అలాగే ఉంచాలి. నోరు శుభ్రంగా ఉంచాలి. సిరంజి పిస్టన్‌తో నెట్టకుండా, 200 మి.లీ. ఫీడ్‌ను 20 నుంచి 30 నిమిషాల్లో దానంతటదే దిగనివ్వాలి. ప్రతిసారీ జీర్ణాశయంలో మిగిలింది కొలవడమే రక్ష అన్న నమ్మకం బలమైనది. కానీ 2013లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో, వెంటిలేటర్ మీది పెద్దవారికి అలా కొలవకపోయినా న్యుమోనియా పెరగలేదు. వాంతి, పొట్ట ఉబ్బరం, ఫీడ్ మధ్యలో దగ్గు, ఆక్సిజన్ పడిపోవడం కనిపిస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌కు చెప్పాలి.

ఫ్లషింగ్ అవసరం స్థాన పరీక్ష దగ్గరే తెలుస్తుంది. పరీక్ష కోసం లాగిన ఆమ్లం గొట్టంలో మిగిలిన పాలను విరగ్గొడుతుంది, ఆ విరిగిన పాలే గొట్టాన్ని మూసేస్తాయి. స్థానం తేలాక పెద్దవారికి ఫీడ్‌కు ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లు, నిరంతర ఫీడ్ అయితే 4 గంటలకోసారి అంతే ఇవ్వడం సాధారణ పద్ధతి. మందులు దేనికది విడిగా కలిపి, ఒక్కొక్కదాని మధ్య నీళ్లతో కడగాలి. లోపల మెల్లగా కరిగేలా చేసిన మాత్రలను నూరకూడదు. మూసుకుపోతే 50 మి.లీ. సిరంజిలో గోరువెచ్చని నీళ్లు తీసుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాలి. చిన్న సిరంజి ఒత్తిడికి గొట్టం చిట్లవచ్చు. కూల్‌డ్రింక్ పోస్తే, అదీ ఆమ్లమే కనుక, పాలు ఇంకా విరుగుతాయి. గుండె, మూత్రపిండాల రోగులకు, పిల్లలకు నీళ్ల పరిమాణం డాక్టర్ నిర్ణయిస్తారు. ఫ్లష్ చేసిన ప్రతి మి.లీ. నీటినీ ఇన్‌టేక్ చార్ట్‌లో రాయాలి.