అమెరికా–బ్రెజిల్ పత్తి వివాదం

ప్రపంచ వాణిజ్య సంస్థలో (డబ్ల్యూటీఓ) డీఎస్267గా నమోదైన కేసు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల వల్ల ప్రపంచ మార్కెట్లో ధర అణిగిపోతోందని బ్రెజిల్ ఆరోపించింది. కేసు మొదలైంది 2003లో అని కొందరు రాస్తారు. అది ప్యానెల్ ఏర్పడిన ఏడాది. నిబంధనల ప్రకారం తొలి మెట్టు సంప్రదింపులే కాబట్టి, బ్రెజిల్ వాటిని కోరిన 2002 సెప్టెంబరు నుంచి లెక్కించడమే సబబు. భారతదేశం ఇందులో తృతీయ పక్షంగా చేరింది.

2004 సెప్టెంబరులో ప్యానెల్ ప్రధానాంశాలపై బ్రెజిల్‌ వైపు మొగ్గింది. స్వదేశీ పత్తి వాడే మిల్లులకూ ఎగుమతిదారులకూ ఇచ్చే 'స్టెప్ 2' చెల్లింపులు నిషిద్ధమని తేల్చింది. మార్కెట్ ధరతో ముడిపడిన సబ్సిడీలు ధరను గణనీయంగా అణచాయన్నది, ఎంతమేరకో అంకె మాత్రం చెప్పలేదు. వాస్తవాలను తిరగదోడకుండా న్యాయాంశాలనే పరిశీలించే అప్పిలేట్ బాడీ 2005 మార్చిలో ఈ తీర్పును చాలావరకు సమర్థించింది. అదే నెలలో నివేదికలు ఆమోదం పొందాయి. సభ్యదేశాలన్నీ ఒక్కమాటగా వద్దంటే తప్ప ఆమోదం ఆగదు. గెలిచిన దేశం అలా అనదు గనుక అది దాదాపు లాంఛనమే.

అమెరికా 2006 ఆగస్టులో స్టెప్ 2ను ఎత్తేసింది గానీ మిగతా సబ్సిడీలు చాలావరకు కొనసాగాయి. తీర్పు అమలు కాలేదని 2008లో అప్పిలేట్ బాడీ కూడా ధ్రువీకరించింది. డబ్ల్యూటీఓకు జరిమానా వేసే అధికారం లేదు, జరిగిపోయిన నష్టానికి పరిహారమూ ఇప్పించదు. ఓడిన దేశపు సరుకులపై సుంకాలు పెంచుకోవడానికి గెలిచిన దేశానికి అనుమతి మాత్రం ఇస్తుంది. చిక్కేమిటంటే, ఆ సుంకాల భారం పెంచిన దేశపు కొనుగోలుదారుల మీదే పడుతుంది. అందుకే సరుకులపై చర్య ఒక పరిమితి దాటాక పేటెంట్లు, కాపీరైట్లు, సేవల మీద కూడా చర్య తీసుకునే హక్కును బ్రెజిల్ అడిగి, 2009లో మధ్యవర్తుల నుంచి సాధించుకుంది. 2010కి అనుమతించిన చర్యల మొత్తం సుమారు 82.9 కోట్ల డాలర్లు. అందులో సరుకుల వాటా 59.1 కోట్లు.

అమెరికాను దిగివచ్చేలా చేసింది పేటెంట్ల బెదిరింపేనని ఒక వాదన, కార్లు, గోధుమలపై సుంకాల జాబితానేనని మరొకటి. మొదటిదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. సుంకాలు అమల్లోకి రాకముందే, 2010 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. బ్రెజిల్ పత్తి రంగానికి అమెరికా ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నది షరతు. 2013లో ఆ చెల్లింపులు ఆగాయి. 2014 అక్టోబరులో మరో 30 కోట్ల డాలర్లతో కేసు ముగిసింది. తృతీయ పక్షాలుగా ఉన్న బెనిన్, చాద్‌లకు ఈ సొమ్ములో హక్కు లేదు.

ఇదే కేసు ఇప్పుడైతే అప్పీలు దగ్గరే నిలిచిపోయేది. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో, 2019 డిసెంబరు నుంచి అప్పిలేట్ బాడీలో విచారణకు కావలసిన ముగ్గురు లేరు. ఓడిన దేశం అప్పీలు చేస్తే నివేదిక ఆమోదానికి రాదు. ఆమోదం లేనిదే ప్రతీకారానికి అనుమతి ఉండదు. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన చక్కెర సబ్సిడీల కేసులో ఓడిన భారత్ 2021 డిసెంబరులో చేసిన అప్పీలు ఇలాంటిదే. ఇలా అప్పీలు చేసిన దేశాలపై ప్రతిచర్యకు వీలిచ్చే చట్టాన్ని బ్రెజిల్ 2022లో తెచ్చుకుంది.