పేరు చెరిపేస్తే సరిపోతుందా?

1979లో శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల తన ప్రవేశాలకు రాతపరీక్షలో 100, మౌఖిక పరీక్షలో 50 మార్కులు కేటాయించింది. రాతలో మంచి మార్కులు వచ్చినా మౌఖికంలో తక్కువ రావడంతో సీటు దక్కని విద్యార్థులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఇదే అజయ్ హాసియా కేసు. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలకు మించి మాట్లాడలేదని, అడిగిన ప్రశ్నలు కూడా తల్లిదండ్రుల గురించి, నివాసం గురించేనని వారు వాదించారు. అంటే పేరు, చిరునామా తెలియకుండా తూచవలసిన ప్రతిభను సరిగ్గా ఆ రెంటితోనే తూచారన్నది వారి అభియోగం.

మన పోటీ పరీక్షల్లో గుర్తింపును దాచే పద్ధతి పాతదే. జవాబు పత్రం మీద పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. అనేక చోట్ల ఆ సంఖ్యను కూడా తొలగించి, దాని స్థానంలో మరో రహస్య సంఖ్య వేసి దిద్దేవారికి పంపుతారు. మార్కులు ఖరారయ్యాకే రెండు సంఖ్యలనూ జతచేస్తారు. లోపలి పుటల్లో పేరు గానీ, గుర్తుపట్టగల చిహ్నం గానీ రాయరాదన్న నిబంధన ఇందుకే.

ఈ తెర లేనిచోట ఏమవుతుందో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. పత్రికల్లో వెలువడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వారు దాదాపు సమాన అర్హతలు గల దరఖాస్తులను పంపారు. తేడా ప్రధానంగా పేర్లలోనే. అగ్రకుల హిందువుల పేర్లతో పోలిస్తే దళితుల పేర్లకు, అంతకన్నా ఎక్కువగా ముస్లిముల పేర్లకు, పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. తొలి వడపోతలో పేరు, ఫొటో, చిరునామా తీసేయడం ఈ జబ్బుకు సరైన మందే.

అయితే దాచినది తరువాతి మెట్టులో బయటపడుతుంది. ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. ఒకరికి రాతలో 75, మౌఖికంలో 10. మరొకరికి రాతలో 50, మౌఖికంలో 40. మొత్తం మీద మొదటివారికి 85, రెండోవారికి 90. రాతలో వచ్చిన పాతిక మార్కుల ఆధిక్యాన్ని కొద్ది నిమిషాల సంభాషణ తుడిచేసింది. మౌఖికానికి 50 బదులు 15 మార్కులే ఉంటే, అదే నిష్పత్తిలో ఒకరికి 78, మరొకరికి 62 వస్తాయి. మౌఖికంలో పక్షపాతం ఉన్నా ఫలితం తారుమారు కాదు.

1980 నవంబరులో జస్టిస్ భగవతి రాసిన తీర్పు ఈ తర్కాన్నే అనుసరించింది. మౌఖికానికి మొత్తంలో మూడో వంతు మార్కులు ఇవ్వడం నిరంకుశమని, 15 శాతం మించరాదని పేర్కొంది. సంభాషణలను టేపులో రికార్డు చేయడం మంచిదని సూచించింది. 1985లో హర్యానాకు చెందిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో కోర్టు 12.2 శాతాన్ని ప్రమాణంగా చూపింది. నేటి సివిల్ సర్వీసెస్ పరీక్షలో 2025 మార్కులకు 275 ముఖాముఖికి చెందుతాయి, అంటే సుమారు 13.6 శాతం. వాటా తగ్గింది గానీ, ఒకటి రెండు మార్కుల తేడాతో ర్యాంకులు మారే జాబితాలో అది చిన్నదేమీ కాదు. దోషాన్ని పట్టే మార్గం ఒకటుంది: రాతలో దాదాపు సమానంగా ఉన్న అభ్యర్థులను వర్గాల వారీగా విడదీసి, వారి ముఖాముఖి మార్కుల సగటులను పోల్చడం. తేడా ఏటా ఒకే వైపు మొగ్గుతుంటే అది యాదృచ్ఛికం కాదు.

తెర దాటని మరో అసమానత పరీక్ష లోపలే ఉంటుంది. కొఠారీ కమిటీ సిఫార్సుల తరువాత, 1979లో, సివిల్ సర్వీసెస్ జవాబులను విస్తృతంగా భారతీయ భాషల్లో రాసే వీలు కలిగింది. అంతవరకు తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి పేరు ఎంత జాగ్రత్తగా చెరిపినా, అతడు చాలావరకు రాయవలసింది ఇంగ్లీషులోనే. దిద్దేవారి మనసులో వివక్ష లేకున్నా, ఆ పరీక్షే అతణ్ణి వెనక్కి నెట్టేది. పేరు చెరపడం దిద్దేవారిని మాత్రమే సరిదిద్దుతుంది. దేన్ని కొలవాలన్న నిర్ణయాన్ని గానీ, అభ్యర్థి చదివిన బడిని గానీ తాకదు.

కులం కనబడనివ్వకపోవడమే సమానత్వమని చెప్పి రిజర్వేషన్లను ప్రశ్నించే వాదన ఇక్కడే తడబడుతుంది. రెండూ పరస్పర విరుద్ధాలు కావు, వేర్వేరు బల్లల మీద జరిగే పనులు. మార్కులు వేసేవారికి అభ్యర్థి ఎవరో తెలియకూడదు. జాబితా తయారు చేసేవారికి తెలియాలి. మొదటి బల్ల దగ్గర తెర లేకపోతే పక్షపాతం జొరబడుతుంది. రెండో బల్ల మీద కూడా తెర కప్పితే, తరాల వెనుకబాటు నిష్పాక్షికత పేరుతో మార్కుల పట్టికగా మారి కూర్చుంటుంది.