కాల్‌బ్యాక్ అడ్రసుకి ఇంత పట్టింపు ఎందుకొచ్చింది?

మొన్నామధ్య ఓ శనివారం రాత్రి మా సైటుని కొత్త డొమైనుకి మార్చాం. డీఎన్ఎస్ మారింది, సర్టిఫికెట్టు వచ్చింది, పాత డొమైన్ నుంచి 301 కూడా పెట్టాం. ఇక పడుకుందాం అనుకునేసరికి గూగుల్ లాగిన్ నొక్కిన ప్రతివాళ్ళకీ `Error 400: redirect_uri_mismatch`. విచిత్రం ఏంటంటే మా లాగుల్లో ఒక్క ఎర్రరూ లేదు.

ఉండదు కూడా. లాగిన్ అయ్యాక యూజర్ని ఎక్కడికి తిప్పి పంపాలో మన యాపు `redirect_uri` లో చెబుతుంది. అది ముందుగా రిజిస్టర్ చేసిన అడ్రసు కాకపోతే అక్కడికి పంపకూడదని ఓఆత్ 2.0 ప్రమాణం అంటుంది, చివరికి "తప్పు జరిగింది" అని చెప్పడానికైనా సరే. అందుకే గూగుల్ తన పేజీలోనే ఆపేసింది. మా సర్వరు దాకా ఏమీ రాలేదు.

"అన్నా, పాత డొమైన్ నుంచి 301 ఉందిగా, ఇంకేంటట?" అన్నాడు మా టీములో కుర్రాడు. కొత్త సైటు తన హోస్టు పేరుతోనే అడ్రసు తయారుచేసి పంపుతోంది, ఆ పేరు గూగుల్ దగ్గర లేదు. పాత డొమైన్ మీద పెట్టిన 301 ఈ దారిలో ఎక్కడా తగలదు. "అదే యాపు, అదే సీక్రెట్టు, ఆమాత్రం తెలుసుకోలేదా?" అని విసుక్కున్నాడు. ఆ విసుగు న్యాయమే గానీ, ఈ పట్టింపు ఊరికే రాలేదు.

2007లో వచ్చిన ఓఆత్ 1.0లో కాల్‌బ్యాక్ అడ్రసుని యూజర్ని అనుమతి పేజీకి పంపేటప్పుడు లింకులో తగిలించేవారు. దానికి సంతకం లేదు. 2009 ఏప్రిల్లో దీన్లో కన్నం బయటపడింది. దొంగ తాను లాగిన్ మొదలుపెట్టి, ఆ లింకుని ఇంకొకరికి పంపుతాడు. వాళ్ళు తెలియక ఒప్పుకుంటే ఆ అనుమతి దొంగ సెషన్‌కి దక్కుతుంది. అదే ఏడాది జూన్‌లో 1.0a వచ్చింది. కాల్‌బ్యాక్‌ని మొదటి అడుగులోనే సంతకంతో చెప్పాలన్నారు, చివర్లో `oauth_verifier` అనే విలువా చేర్చారు.

2012 అక్టోబర్లో ఓఆత్ 2.0 (RFC 6749) వచ్చేసరికి సంతకాలు తీసేశారు. ఇక బరువంతా ముందుగా రిజిస్టర్ చేసిన అడ్రసు మీద పడింది. పూర్తి అడ్రసు రిజిస్టరయి ఉంటే అక్షరం అక్షరం పోల్చమన్నారు గానీ, కొంత భాగమే రిజిస్టర్ చేసుకునే వెసులుబాటూ ఉంచారు.

ఆ వెసులుబాటు ఏం చేయగలదో 2014 ఫిబ్రవరిలో ఎగోర్ హొమకోవ్ గిట్‌హబ్ మీద చూపించాడు. రిజిస్టరయిన అడ్రసు కింద ఏ సబ్-పాత్ అయినా చెల్లేది. అతను `/../` తో అక్కణ్ణుంచి పైకెక్కి, అదే డొమైన్లో తను రాయగలిగిన గిస్ట్ పేజీకి కోడ్ వచ్చేలా చేశాడు. ఆ పేజీలోని బొమ్మ కోసం బ్రౌజరు బయటికి పంపిన రెఫరర్‌లో కోడ్ కూడా వెళ్ళిపోయింది. కోడ్ తీసుకున్నప్పుడు ఏ అడ్రసు చెప్పారో, దాన్ని టోకెన్‌గా మార్చేటప్పుడూ అదే చెప్పాలి. ఆ రెండో తనిఖీ కూడా సరిగా లేకపోవడంతో కోడ్ చెల్లిపోయింది. ఇలాంటి చిన్న లోపాలు నాలుగైదు కలిపాడు, అంతే. గిట్‌హబ్ వెంటనే సరిచేసుకుంది. 2025 జనవరిలో వచ్చిన RFC 9700 అయితే ఖచ్చితమైన పోలిక తప్పనిసరి అంది. డెస్క్‌టాప్ యాపుల లోకల్‌హోస్ట్ పోర్టు నంబరు ఒక్కదానికే మినహాయింపు.

సరే, మా గొడవకొద్దాం. కొత్త అడ్రసు చేర్చాం, కాసేపు ఆగాం. (మార్పు అమల్లోకి రావడానికి ఐదు నిమిషాల నుంచి కొన్ని గంటలు పట్టొచ్చని గూగులే చెబుతుంది.) మళ్ళీ అదే ఎర్రరు! బ్రౌజర్లో యూఆర్ఎల్ తీసి, రిజిస్టరయినదాని పక్కన పెట్టి చూస్తే:

```
https://app.example.com/auth/callback
http://app.example.com/auth/callback
```

పైది రిజిస్టరయింది, కిందది మేం పంపుతున్నది. కొత్త చోట టీఎల్ఎస్ లోడ్ బాలన్సర్ దగ్గరే ముగిసిపోతోంది. వెనకున్న యాపు తనకి వచ్చింది `http` అనుకుంటోంది. `X-Forwarded-Proto` ని నమ్మమని చెప్పాక లాగిన్ నడిచింది. ఇలాంటప్పుడు కోడ్ చదువుతూ కూర్చోకుండా, బ్రౌజరు నిజంగా పంపిన విలువని చూడటమే దగ్గరి దారి. చివరి స్లాష్, `www`, పెద్దక్షరం, ఏదైనా చాలు ఎర్రరు రావడానికి.

పాత అడ్రసుని మాత్రం వెంటనే తీసేయలేదు. పాత పేజీ తెరిచి ఉంచుకున్నవాళ్ళు సగంలో ఉంటారని రెండు వారాలు ఉంచాం. ఆ తరవాత దాని సంగతి అందరం మర్చిపోయాం. మూడు నెలలకి "పాత డొమైన్ రెన్యువల్ ఆపేద్దామా?" అని మెయిలొస్తే గుర్తొచ్చింది. గూగుల్ దృష్టిలో ఆ డొమైన్ ఇంకా మాదే! వదిలేశాక ఎవరైనా కొనుక్కుంటే, మా క్లయింట్ ఐడీతో లాగిన్ అడిగి, జవాబు తమ సర్వరుకి తెప్పించుకోవచ్చు. కోడ్ వస్తే సీక్రెట్ లేకుండా మార్చుకోలేరు గానీ, `response_type=token` చెల్లే చోట టోకెనే నేరుగా వాళ్ళ చేతికెళ్తుంది. ఆ మెయిల్‌కి జవాబు రాసేముందు కన్సోల్ తెరిచి పాత లైను తీసేశాను.