సానకత్తి, సమాజాధికారం: హసీదీ ఉద్యమంపై 1772 నాటి వెలి

పద్దెనిమిదవ శతాబ్దిలో, నాటి పోలండ్ రాజ్యంలోని పొదోలియా ప్రాంతపు యూదులలో హసీదీ భక్త్యుద్యమం తలెత్తింది. మెజిబిజ్ పట్టణవాసి ఇజ్రాయెల్ బెన్ ఎలియెజెర్ (మరణం 1760) దీనికి మూలపురుషుడు. ధర్మశాస్త్ర పాండిత్యం లేని సామాన్యుడు సైతం తన్మయమైన ప్రార్థన ద్వారా దైవసన్నిధిని పొందగలడన్నది ఈ ఉద్యమ సారాంశం. ఆయన అనంతరం మెజెరిచ్ నివాసి దోవ్ బేర్ శిష్యులు దీనిని లిథువేనియా వరకు వ్యాపింపజేశారు.

1772లో విల్నా నగర సమాజం వీరిని వెలివేసింది. మహాపండితుడు ఎలియా బెన్ సాల్మన్ ఈ వ్యతిరేకతకు అండగా నిలిచాడు. అదే సంవత్సరం బ్రోడీ పట్టణం కూడా వెలి ప్రకటించింది. హసీదీలు వేరుగా ప్రార్థనా మందిరాలు పెట్టుకున్నారనీ, ప్రార్థనా క్రమాన్ని మార్చారనీ, పండితులను చులకన చేస్తున్నారనీ వారిపై ఆరోపణలు. అయితే బ్రోడీ ప్రకటన ఒక మినహాయింపునిచ్చింది. ఆ పట్టణంలో ముందునుంచీ ఉన్న పండిత సాధకుల కూటమి అదే భిన్న క్రమంలో ప్రార్థించుకోవచ్చు. కనుక అక్కడ వివాదం ప్రార్థనా క్రమానికి మాత్రమే పరిమితం కాదు. దానిని మార్చే అర్హత ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

పశువధకు వాడే కత్తి విషయంలో ఇది మరింత స్పష్టమవుతుంది. కత్తి అంచున గంటు ఉంటే ఆ మాంసం నిషిద్ధం. అందుకే అంచును వేలి కండమీదా, గోటిమీదా ఆనించి పరీక్షించాలని తాల్ముద్ విధి. ఈ విధిని ఉభయపక్షాలూ అంగీకరించాయి. హసీదీలు మాత్రం సానపట్టి మిక్కిలి పదును తెచ్చిన పలుచని కత్తులే వాడాలని పట్టుబట్టారు. పలుచని అంచు సులభంగా గంటుపడుతుందని ప్రత్యర్థుల అభ్యంతరం.

ఈ పట్టుదల ఫలితం కత్తితో ఆగలేదు. సమాజం నియమించిన వధకుని మాంసాన్ని హసీదీలు తినకపోతే ఇరువర్గాలకు సహపంక్తి భోజనం తెగిపోతుంది. పైగా పశువధపై పన్ను స్థానిక యూదు సమాజాల ముఖ్య ఆదాయాలలో ఒకటి. వేరు వధకుడు వచ్చినచోట ఆ ఆదాయానికి గండి పడుతుంది. వేరు మందిరం పండితుని మాటకు ఎదురైతే, వేరు కత్తి పాలకమండలి ఖజానాకు ఎదురైంది.

అయినా ఈ వైరాన్ని కేవలం ఆర్థిక కారణాలకు కుదించలేము. సృష్టిలోని ప్రతి వస్తువులోనూ దైవం ఉన్నదన్న హసీదీ బోధ పవిత్రాపవిత్ర భేదాన్ని చెరిపివేస్తుందని ఎలియా పక్షం భావించింది. సమాధానం చెప్పుకోవడానికి విల్నా వచ్చిన హసీదీ నాయకులు మెనాఖెమ్ మెండెల్, ష్నేయుర్ జల్మాన్‌లను ఆయన కలుసుకోవడానికే నిరాకరించాడు.

1804లో రష్యా ప్రభుత్వ శాసనం ఒకే సమాజంలోని భిన్నవర్గాలు వేరు మందిరాలు కట్టుకోవడానికి, వేరు రబ్బీలను ఎన్నుకోవడానికి అనుమతించింది. దానితో వెలికి పూర్వపు బలం తగ్గింది. కాలక్రమంలో సానకత్తి ప్రత్యర్థుల వధశాలలలోనూ వాడుకలోకి వచ్చింది. కత్తిలోని దోషంకన్నా, దానిని ఎవరి అనుమతితో పట్టారన్నదే 1772లో ప్రధానమైన అభ్యంతరమని ఈ పరిణామం సూచిస్తున్నది.